ఇండికేటర్ రంగు మారడానికి రెండు pH యూనిట్లు ఎందుకు పడతాయి?

ప్రశ్న: "ఇండికేటర్ రంగు pKIn ± 1 మధ్యలో మారుతుందని మా సార్ చెప్పారు. ఆ ± 1 ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాలేదు. pKIn దగ్గర ఒక్కసారిగా ఎందుకు మారిపోదు? ల్యాబ్‌లో చూస్తే ఒక్క చుక్కకే మారిపోతోంది కదా, మరి రెండు యూనిట్లు అనడం ఏంటి?"

సమాధానం:

ఇండికేటర్ ద్రావణంలో ఎప్పుడూ రెండు రంగుల రూపాలూ కలిసే ఉంటాయి. pH మారితే ఆ రెంటి నిష్పత్తి మారుతుంది, అంతే. pH ఒక యూనిట్ పెరిగితే ఆ నిష్పత్తి సరిగ్గా పది రెట్లవుతుంది. ఇక మన కంటి సంగతి: ఒక రూపం రెండోదానికి సుమారు పది రెట్లు ఉంటే తక్కువగా ఉన్న రంగును కన్ను దాదాపు పట్టుకోలేదు. అటు పది రెట్లకి ఒక యూనిట్, ఇటు పది రెట్లకి ఒక యూనిట్, మొత్తం రెండు. నిష్పత్తి మారే తీరు రసాయన సమతాస్థితి నుంచి వచ్చింది. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగినట్టు కనిపిస్తుందన్నది మాత్రం కంటి పరిమితి నుంచి వచ్చింది. మీ అయోమయమంతా ఈ రెండూ కలిసిపోవడం వల్లే. విడదీసి చూద్దాం.

నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చాలా ఏళ్లుగా చూస్తున్నాను. ఈ విషయం చెప్పడానికి నాకు బాగా నచ్చిన ఇండికేటర్ బ్రోమోథైమాల్ బ్లూ. ఆమ్ల రూపం పసుపు, క్షార రూపం నీలం, రెండూ కలిస్తే ఆకుపచ్చ. మధ్య దశ స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి ఏం జరుగుతోందో కళ్లతో చూస్తూ లెక్క వేసుకోవచ్చు.

ఇండికేటర్ ఒక బలహీన ఆమ్లం. దాని సమతాస్థితి ఇది:

HIn ⇌ H⁺ + In⁻

సమతాస్థితి స్థిరాంకం రాసి కాస్త అటూ ఇటూ జరిపితే వచ్చేది ఇది:

[In⁻] / [HIn] = 10^(pH − pKIn)

ఈ ఒక్క లైనును నెమ్మదిగా చదవండి. ఎడమ పక్క ఉన్నది నీలానికీ పసుపుకీ ఉన్న నిష్పత్తి. కుడి పక్క ద్రావణం pH తప్ప మారేది ఇంకేమీ లేదు. బ్రోమోథైమాల్ బ్లూ pKIn సుమారు 7.1. pH 7.1 అయితే నిష్పత్తి 1, అంటే సగం నీలం, సగం పసుపు. pH 7.6కి వెళ్తే నిష్పత్తి 10^0.5, సుమారు 3.2. నీలం 76 శాతం. pH 8.1 దగ్గర పదికి ఒకటి, నీలం 91 శాతం. pH 9.1 దగ్గర నూటికి ఒకటి, నీలం 99 శాతం. కింది వైపు కూడా ఇదే వరస. 6.1 దగ్గర నీలం 9 శాతం, 5.1 దగ్గర 1 శాతం.

"ఒక్కసారిగా ఎందుకు మారదు" అన్నదానికి జవాబు ఇక్కడే ఉంది. ఆ సమీకరణంలో తెగిపోయే చోటు ఎక్కడా లేదు. ఒక్కో అణువును తీసుకుంటే అది పసుపు రూపంలోనో, నీలం రూపంలోనో ఉంటుంది. కానీ ప్రోటాన్‌ను వదలడం, మళ్లీ పట్టుకోవడం క్షణక్షణం జరుగుతూనే ఉంటుంది. ఫ్లాస్క్‌లో కోటానుకోట్ల అణువులున్నాయి. pH చెప్పేది వాటిలో ఏ క్షణానికైనా ఎన్నో వంతు నీలంగా ఉంటాయనే. pKIn దాటగానే అన్నీ ఒకేసారి ప్రోటాన్‌ను వదిలేయాలన్న నియమం లేదు. pH 7.1 దగ్గర జరిగే విశేషం ఒక్కటే, రెండూ సమానం కావడం.

మరి శాతాలు 91, 99, 99.9 అంటూ అంతు లేకుండా పోతుంటే, 8.1 దగ్గర "రంగు మారడం అయిపోయింది" అని ఎలా అంటున్నాం? ఇక్కడ కన్ను రంగంలోకి వస్తుంది. దీన్ని స్వయంగా చూసే పద్ధతి ఒకటుంది. 1920లో గిలెస్పీ అనే శాస్త్రవేత్త బఫర్ ద్రావణాలు లేకుండా pH కొలవడానికి దాన్ని ప్రచురించారు. మీ ల్యాబ్‌లో చేయడానికి ఓ అరగంట చాలు, సార్‌ని అడిగి చేయండి.

ఒకే సైజు టెస్ట్‌ట్యూబులు తీసుకోండి. ఒక ట్యూబులో నీళ్లు, ఒక చుక్క బాగా పలచన హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ఇందులో వేసిన ఇండికేటర్ మొత్తం పసుపుగానే ఉంటుంది. (ఆమ్లం ఘాటుగా ఉంటే బ్రోమోథైమాల్ బ్లూ పసుపు దాటి ఎరుపు వైపు వెళ్తుంది. అందుకే బాగా పలచన ఆమ్లం.) రెండో ట్యూబులో అన్నే నీళ్లు, ఒక చుక్క పలచన సోడియం హైడ్రాక్సైడ్. ఇందులో వేసింది మొత్తం నీలం. ఇప్పుడు పది చుక్కల ఇండికేటర్‌ను ఈ రెండు ట్యూబులకీ పంచండి. ఆమ్లం ట్యూబులో 5, క్షారం ట్యూబులో 5 వేసి, ఒకదాని వెనక ఒకటి పెట్టి, వెనక తెల్ల కాగితం ఉంచి రెంటిలోంచీ ఒకేసారి చూడండి. ఆకుపచ్చ కనిపిస్తుంది. రెండు ద్రావణాలూ కలవలేదు, ఎక్కడా pH 7.1 లేదు. అయినా కంటికి చేరే వెలుతురు సగం పసుపు, సగం నీలం అణువుల గుండా వచ్చింది కాబట్టి, pH 7.1 ద్రావణంలో పది చుక్కలు వేస్తే ఏ రంగు కనిపించేదో అదే ఇక్కడా కనిపిస్తుంది. రంగు అంటే నిష్పత్తే అనడానికి ఇంతకన్నా సూటి రుజువు నాకు తెలియదు.

ఇప్పుడు చుక్కల లెక్క మార్చుకుంటూ పోండి. నీలం 6, పసుపు 4 వేస్తే log(6/4) = 0.18, అంటే అది pH 7.28 రంగు. 7కి 3 అయితే 7.47. 8కి 2 అయితే 7.7. 9కి 1 అయితే 8.05. కింది వైపు చివరిది 1కి 9, అంటే 6.15. పది చుక్కలతో చేయగలిగిన తొమ్మిది జతలూ కలిపి 6.15 నుంచి 8.05 దాకా, అంటే దాదాపు రెండు యూనిట్లే.

అంతరాలు కూడా గమనించండి. మధ్యలో ఒక్క చుక్క అటు నుంచి ఇటు మారితే 0.18 యూనిట్ తేడా. చివర 8:2 నుంచి 9:1కి వెళ్లేటప్పుడు అదే ఒక్క చుక్కకి 0.35. ఇక 9:1 తర్వాత మిగిలిన ఆ ఒక్క చుక్కలో 8.05 నుంచి పైన ఉన్న pH మొత్తం ఇరుక్కుపోయింది. pH 9 అయినా, 10 అయినా, 11 అయినా తేడా అంతా ఆ చివరి చుక్కలోని భాగాల్లోనే ఉంటుంది. 9:1 జతను, పదికి పది నీలం ఉన్న ట్యూబును పక్కపక్కన పెట్టండి (నీలం ట్యూబు ముందు ఖాళీ నీళ్ల ట్యూబు కూడా పెట్టాలి, లేకపోతే పోలిక న్యాయంగా ఉండదు). జాగ్రత్తగా చూస్తే తేడా దొరుకుతుంది, విడివిడిగా చూపిస్తే చాలామంది రెండూ నీలమే అంటారు. పది అన్న అంకె అక్కడి నుంచి వచ్చింది. కంటికి ముప్పై రెట్లు కావాల్సి ఉంటే రేంజి మూడు యూనిట్లయ్యేది, మూడు రెట్లు చాలితే ఒక్క యూనిటే అయ్యేది.

కన్ను కాకుండా స్పెక్ట్రోఫోటోమీటర్ వాడితే ఈ పరిమితి చాలా వరకు సడలుతుంది. సముద్రపు నీటి pH కొలిచేవాళ్లు మీటా క్రెసాల్ పర్పుల్ అనే ఇండికేటర్ వేసి, 434, 578 నానోమీటర్ల దగ్గర రెండు రూపాలు పీల్చుకునే కాంతిని కొలిచి, ఆ నిష్పత్తి నుంచి pH మూడో దశాంశం దాకా లెక్కగడతారు. సమీకరణం మీరు చదివేదే, చూసేది మాత్రం కన్ను కాదు.

± 1 అనేది అంచనా, కొలత కాదు. పుస్తకంలోని పట్టిక తెరిచి చూడండి. బ్రోమోథైమాల్ బ్లూ రేంజి 6.0 నుంచి 7.6 అని ఉంటుంది. pKIn 7.1 అయితే కింద 1.1 యూనిట్లు, పైన 0.5 మాత్రమే. మిథైల్ ఆరెంజ్ 3.1 నుంచి 4.4, దాని pKIn సుమారు 3.5. ఇక్కడ కింద 0.4, పైన 0.9. సమానంగా ఎందుకు లేవు?

మిథైల్ ఆరెంజ్‌నే లెక్క వేద్దాం. pH 3.1 దగ్గర పసుపు, ఎరుపు నిష్పత్తి 10^(−0.4), అంటే 0.4. ఎరుపు దాదాపు 72 శాతం, పసుపు 28 శాతం. పాతిక శాతం పైగా పసుపు ఉండగానే మన కన్ను "ఇది ఎరుపు" అని తీర్పు చెప్పేసింది. pH 4.4 దగ్గర నిష్పత్తి 10^0.9, అంటే దాదాపు 8. పసుపు 89 శాతానికి చేరితే గానీ "ఇది పసుపు" అని ఒప్పుకోలేదు. ఎరుపు గాఢమైన రంగు, కొంచెం ఉన్నా పసుపును మింగేస్తుంది. బ్రోమోథైమాల్ బ్లూలో ఆ పని నీలం చేస్తుంది, 76 శాతానికే మొత్తం నీలమైపోయినట్టు కనిపిస్తుంది. కాబట్టి రేంజి మధ్య బిందువే pKIn అనుకోకండి. పరీక్షలో ± 1 రాయండి, తప్పు లేదు. ల్యాబ్‌లో మాత్రం పట్టికలోని రేంజినే నమ్మండి.

ఇప్పుడు మీ మూడో సందేహం, ఒక్క చుక్క సంగతి. ఇది చాలా మంచి ప్రశ్న. ఇండికేటర్‌కి నిజంగానే రెండు యూనిట్ల దాకా కావాలి. మీరు వేసిన ఆ ఒక్క చుక్కే pHని రెండు యూనిట్లకి మించి గెంటేస్తుంది.

25 మి.లీ. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని అదే గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేట్ చేస్తున్నారనుకుందాం. బ్యూరెట్ చుక్క సుమారు 0.05 మి.లీ. 24.95 మి.లీ. పోసినప్పుడు ఇంకా 0.05 మి.లీ. ఆమ్లం మిగిలి ఉంది. 0.05 × 0.1 = 0.005 మిల్లీమోల్. అది దాదాపు 50 మి.లీ.లో ఉంది కాబట్టి గాఢత 10⁻⁴, pH 4. ఇంకో చుక్క పడితే 7. ఆ పై చుక్కకి 10. రెండు చుక్కల్లో ఆరు యూనిట్లు! బ్రోమోథైమాల్ బ్లూకి కావాల్సిన 6.0 నుంచి 7.6 దాటడానికి ఇక్కడ లెక్క ప్రకారం చుక్కలో యాభయ్యో వంతు కూడా పట్టదు. మీ కంటికి ఆకుపచ్చ కనిపించే అవకాశమే దాదాపు లేదు.

మన ఇళ్లలో దిష్టి తీసే ఎర్రనీళ్లు కూడా ఇదే కథ. పసుపు కలిపిన నీళ్లలో సున్నం వేయగానే ఎర్రబడతాయి. పసుపు రంగు మారేది సుమారు pH 7.4 నుంచి 8.6 మధ్య. సున్నపు తేట pH 12 దాటి ఉంటుంది. అందుకే మధ్య రంగు నిలబడి కనిపించదు. సున్నం బదులు వంట సోడా కలిపి చూడండి. ఆ నీళ్ల pH 8.3 దగ్గర ఉంటుంది కాబట్టి, రంగు మార్పు మధ్యలోనే ఆగుతుంది.

రెండు యూనిట్ల వెడల్పు నిజంగా బయటపడాలంటే pH నెమ్మదిగా మారే చోట తప్పు ఇండికేటర్ వేయాలి. ఏటా ఎవరో ఒక విద్యార్థి వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లానికి మిథైల్ ఆరెంజ్ వేసి, ఎండ్ పాయింట్ రావట్లేదని టెన్షన్ పడుతూ వస్తారు. ఫ్లాస్క్ చూస్తే ఎరుపూ కాదు, పసుపూ కాదు, ఏదో నారింజ రంగు, బ్యూరెట్ నుంచి ఎంత పోసినా రవ్వంత రవ్వంత మారుతూ ఉంటుంది.

లెక్క ఇది. 25 మి.లీ. 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లం మొదటి pHయే 2.9. క్షారం తొలి మి.లీ. పూర్తిగా పడకముందే 3.1 దాటేస్తుంది, అంటే రంగు మారడం అప్పుడే మొదలైంది. pH 4.4 ఎప్పుడు వస్తుంది? ఎసిటిక్ ఆమ్లం pKa 4.76 కాబట్టి ఎసిటేట్, ఆమ్లం నిష్పత్తి 10^(−0.36), అంటే 0.44. ఆమ్లంలో 30 శాతం ఎసిటేట్‌గా మారినప్పుడు, సుమారు 7.6 మి.లీ. దగ్గర. మొదటి చుక్కల నుంచి ఏడున్నర మి.లీ. దాకా రంగు పాకుతూనే ఉంటుంది. అసలు ఎండ్ పాయింట్ 25 మి.లీ. దగ్గర, pH 8.7లో. అక్కడికి వచ్చేసరికి మిథైల్ ఆరెంజ్ ఎప్పుడో పసుపైపోయి ఊరుకుంది. ఫినాల్ఫ్తలీన్ అయితే (8.3 నుంచి 10) సరిగ్గా అక్కడ పలుకుతుంది. రంగు మారడానికి ఒకటి రెండు చుక్కల కంటే ఎక్కువ పడుతోందంటే, చేతి తప్పు వెతకడం కంటే ముందు ఇండికేటర్ ఎంపిక చూసుకోండి.

ఫినాల్ఫ్తలీన్ గురించి ఒక హెచ్చరిక. ఇప్పటిదాకా చెప్పిన నిష్పత్తి వాదం రెండు రూపాలకీ రంగున్న ఇండికేటర్లకి వర్తిస్తుంది. వాటిలో ఒక చుక్క వేసినా, నాలుగు వేసినా నిష్పత్తి మారదు కాబట్టి రంగు చిక్కబడుతుందే తప్ప రకం మారదు. ఫినాల్ఫ్తలీన్ ఆమ్ల రూపానికి రంగే లేదు. దానితో పోల్చుకోవడానికి కన్నుకి ఏమీ దొరకదు, గులాబీ రంగు రూపం కనిపించేంత పోగయిందా లేదా అన్నదొక్కటే చూస్తుంది. అంటే ఇక్కడ నిష్పత్తి కాదు, గులాబీ రూపం గాఢతే లెక్క. మీరు ఐదు రెట్లు ఎక్కువ ఇండికేటర్ వేస్తే, అంతే గులాబీ రావడానికి ఐదో వంతు నిష్పత్తి చాలు. log 5 = 0.7 కాబట్టి రంగు అంత ముందే కనబడుతుంది. 50 మి.లీ. ద్రావణానికి 0.1 శాతం ఫినాల్ఫ్తలీన్ రెండు మూడు చుక్కలు వేస్తే pH 9 దగ్గర, పది పదిహేను చుక్కలు వేస్తే pH 8 దగ్గర గులాబీ మొదలవుతుందని పుస్తకాల్లో ఉంటుంది. అది ఈ సులువు లెక్కకి దగ్గరగానే ఉంది. రంగు బాగా కనబడాలని డ్రాపర్‌తో గుమ్మరించేవాళ్లు అందుకే ఎండ్ పాయింట్‌ను ముందుకు లాక్కుంటారు. బలమైన ఆమ్లం, బలమైన క్షారం అయితే పెద్దగా తేడా రాదు. బాగా పలచన ద్రావణాల్లో, బలహీన ఆమ్లాల్లో వస్తుంది. ప్రతి ఫ్లాస్క్‌కీ ఒకే లెక్కన రెండు చుక్కలు వేయడం అలవాటు చేసుకోండి.

ఇంకొక్క విషయం, ల్యాబ్ బయట దీనివల్ల జరిగే పొరపాటు. భీమవరం వైపు రొయ్యల చెరువు చూసుకునే మా బంధువు ఒకాయన బ్రోమోథైమాల్ బ్లూ చుక్కల కిట్‌తో నీళ్లు చూసుకునేవారు. పొద్దున 7.6, మధ్యాహ్నం 7.6, "మా చెరువు pH కదలదు" అని ధీమా. పచ్చగా నాచు పట్టిన చెరువులో ఎండ పూట pH పెరగకపోవడం నాకు నమ్మబుద్ధి కాలేదు. కిరణజన్య సంయోగక్రియ నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్‌ను లాగేస్తుంటే pH పైకి పోవాలి. ఆ కిట్ కార్డు మీద చివరి రంగు 7.6. ఆ పైన నిష్పత్తి ఎంత పెరిగినా కన్ను చూసేది అదే నీలం. 8 అయినా, 9 అయినా కార్డు మీద 7.6 అనే చదువుతాం. అదే నీళ్లలో థైమాల్ బ్లూ (8.0 నుంచి 9.6, పసుపు నుంచి నీలం) వేస్తే పొద్దున పసుపు, మధ్యాహ్నం స్పష్టంగా నీలం కలిసిన ఆకుపచ్చ వచ్చింది. అంటే పొద్దుటి నీళ్లు 8 దగ్గరో, ఇంకా కిందో ఉన్నాయి. మధ్యాహ్నానికి 9 దగ్గరికి పోతున్నాయి. pH పెరిగిన కొద్దీ నీళ్లలోని అమ్మోనియాలో విషపూరితమైన భాగం పెరుగుతుంది కాబట్టి రొయ్యకి ఇది చిన్న తేడా కాదు.

కిట్‌తో చదివేటప్పుడు రంగు కార్డులో మొదటి గడికో, చివరి గడికో సరిపోతే దాన్ని అంకెగా రాసుకోకండి. "7.6, లేదా అంతకంటే ఎక్కువ" అని రాసుకుని, ఆ పై రేంజి ఉన్న ఇండికేటర్‌తో మళ్లీ చూడండి.